క్రియ చివరి అక్షరం ఎవరిది? – పరోక్ష కథనం, కర్మణి వాక్యం గురించి ఒక ప్రసంగం

(నల్లగొండ సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతి విద్యార్థులను, వారి ఉపాధ్యాయులను ఉద్దేశించి ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, వెనక బల్లల మీద కూర్చున్నవారికి నా మాట వినబడుతున్నదా? మంచిది. ఈ రోజు వ్యాకరణం మొత్తం చెప్పబోవడం లేదు. వాక్యాలను మార్చి రాయమని అడిగే రెండు రకాల ప్రశ్నలను మాత్రమే తీసుకుంటాను. ఒకటి, ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చడం. రెండోది, కర్తరి వాక్యాన్ని కర్మణి వాక్యంలోకి మార్చడం. ఈ రెండింటినీ విడివిడిగా నేర్చుకుంటారు, విడివిడిగా మరిచిపోతారు. నేను మాత్రం రెండింటినీ ఒకే ప్రశ్నతో పట్టుకోవాలని అనుకుంటున్నాను. ఆ ప్రశ్న ఏమిటంటే, క్రియ చివర ఉన్న అక్షరం ఎవరిది?

వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. వీటిలో వచ్చే పని ఒక్కటే. చివర ఉన్న ‘ను’, ‘వు’, ‘డు’, ‘ది’, ‘రు’ మాత్రం ఆ వచ్చే మనిషి ఎవరో చెబుతున్నాయి. పరీక్షలో వాక్యం ఇచ్చినప్పుడు మీ కన్ను మొదట దేని మీద పడుతుంది? వాక్యం మొదట ఉన్న ‘నేను’ మీద పడుతుంది. దాన్ని ‘తాను’గా మార్చి, పని అయిపోయిందని అనుకుంటారు. కానీ మార్కు పోయేది అక్కడ కాదు, వాక్యం చివరన. నేను దిద్దిన జవాబు పత్రాలలో ఎక్కువ తప్పులు కనబడింది క్రియ దగ్గరే.

ఒక వాక్యం తీసుకుందాం. “నేను రేపు వస్తాను” అని రవి గోపితో అన్నాడు. ఇది ప్రత్యక్ష కథనం. రవి నోట వచ్చిన మాట వచ్చినట్టుగా ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్నది. దీన్ని పరోక్ష కథనంలోకి మార్చాలంటే ఏం చేయాలి? ఉద్ధరణ చిహ్నాలు తీసివేయాలి, ‘నేను’ను ‘తాను’ చేయాలి, ‘వస్తాను’ను ‘అని’తో కలపాలి. వస్తాను, అని, రెండూ కలిస్తే చివరి ఉకారం పోయి ‘వస్తానని’ అవుతుంది. కాబట్టి జవాబు ఇది: తాను రేపు వస్తానని రవి గోపితో అన్నాడు.

ఇప్పుడు ఈ గదిలో సగం మంది మనసులో ఒక సందేహం పుట్టి ఉండాలి, పుట్టకపోతే నేను పుట్టిస్తాను. ‘తాను’ అంటే ఎవరు? రవి. రవి ప్రథమ పురుష. మరి ప్రథమ పురుష అయినప్పుడు ‘వస్తాడని’ అని రాయాలి కదా, ‘వస్తానని’ అని ఎందుకు రాస్తున్నాం? తర్కంగా ఆలోచించే విద్యార్థే ఈ తప్పు చేస్తాడు. ‘తాను రేపు వస్తాడని రవి గోపితో అన్నాడు’ అని రాసి, తాను సరిగ్గా రాశానని నమ్ముతాడు.

అది ఎందుకు కుదరదో చూడండి. ‘రేపు వస్తాడని రవి అన్నాడు’ అని నేను అంటే, వచ్చేది ఎవరని మీకు తోస్తుంది? రవి కాదు, ఇంకెవరో. రవి తమ్ముడు కావచ్చు, మేనమామ కావచ్చు. ‘రేపు వస్తానని రవి అన్నాడు’ అంటే మాత్రం వచ్చేది రవియే. ఈ రెండు వాక్యాలలో ‘తాను’ అనే మాటే లేదు, అయినా మనకు తేడా తెలిసిపోయింది. ఎలా తెలిసింది? ‘వస్తానని’ అన్నప్పుడు ‘ని’కి ముందు ఉన్న ‘న’ వల్ల తెలిసింది, ‘వస్తాడని’ అన్నప్పుడు అక్కడే ఉన్న ‘డ’ వల్ల తెలిసింది. మాట అన్నవాడే పని చేసేవాడు కూడా అయితే, తెలుగులో క్రియ అతని నోట పలికిన రూపాన్నే నిలుపుకొంటుంది. సర్వనామం మారుతుంది, క్రియ మారదు. మళ్ళీ చెబుతున్నాను, సర్వనామం మారుతుంది, క్రియ మారదు.

ఇది మీకు కొత్త విషయం కూడా కాదు. మన దిక్కు ఇళ్ళలో ఏమంటారు? ‘ఎల్లుండి వస్తనన్నడు’ అంటారు. వచ్చేది ఆ అన్నవాడేనని వినేవాళ్ళందరికీ తెలుసు. ‘ఎల్లుండి వస్తడన్నడు’ అంటే వచ్చేది మరొకరని కూడా తెలుసు. నోటికి తెలిసిన సూత్రాన్ని కలం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేస్తున్నారన్నదే నా ప్రశ్న.

చెప్పింది లక్ష్మి అయితే? ‘తాను వస్తానని లక్ష్మి అన్నది.’ అక్కడా ‘న’యే. నలుగురు కలిసి “మేము వస్తాము” అంటే? ‘తాము వస్తామని వారు అన్నారు.’ అక్కడ ‘మ’. క్రియ లేని వాక్యాలలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. “నేను రైతును” అని యాదగిరి అన్నాడు. ఇందులో క్రియ లేదు, కానీ ‘రైతును’ అన్న చోట ‘ను’ ఉన్నది. అది ద్వితీయా విభక్తి ప్రత్యయం కాదు, ‘వస్తాను’లో ఉన్న ‘ను’యే ఇక్కడికీ వచ్చింది. అందుకని ‘తాను రైతునని యాదగిరి అన్నాడు’ అని రాయాలి. “మేము రైతులం” అయితే ‘తాము రైతులమని’ అవుతుంది.

ఇక ‘నువ్వు’ సంగతి. దీని దగ్గర కొంచెం ఆగాలి. “నేను నీ పుస్తకం తీసుకున్నాను” అని రవి గోపితో అన్నాడు. పుస్తకం ఎవరిది? గోపిది. కొందరు ‘నేను’ను ‘తాను’ చేసిన ఊపులో ‘నీ’ని కూడా ‘తన’ చేస్తారు. ‘తాను తన పుస్తకం తీసుకున్నానని రవి గోపితో అన్నాడు.’ ఇప్పుడు పుస్తకం ఎవరిదైంది? రవిది. మార్కు పోవడం పక్కన పెట్టండి, గోపి పుస్తకం కూడా పోయింది! ‘తాను’, ‘తన’, ‘తనకు’ అన్నవి ఇటువంటి వాక్యాలలో మాట అన్నవాడి కోసమే. విన్నవాడికి పేరు గాని, ‘అతని’, ‘ఆమె’ వంటి మాట గాని వాడాలి. కాబట్టి, గోపి పుస్తకం తాను తీసుకున్నానని రవి అతనితో అన్నాడు.

ఇదే వాక్యాన్ని తిప్పి చూద్దాం. “నువ్వు నా పుస్తకం తీసుకున్నావు” అని రవి గోపితో అన్నాడు. ఇప్పుడు తీసుకున్నవాడు గోపి, పుస్తకం రవిది. గోపి తన పుస్తకం తీసుకున్నాడని రవి అతనితో అన్నాడు. ఇందులో క్రియను చూడండి. ‘తీసుకున్నావు’ పోయి ‘తీసుకున్నాడని’ వచ్చింది. ఇందాక మారదన్న క్రియ ఇక్కడ ఎందుకు మారింది? ఇందాక పని చేసినవాడే మాట అన్నాడు. ఇక్కడ పని చేసినవాడు వేరు, మాట అన్నవాడు వేరు. క్రియను మార్చకుండా ఉంచే అధికారం ‘తాను’, ‘తాము’ అనే వాటికి మాత్రమే ఉన్నది. ‘నువ్వు’ పోయి పేరు వచ్చి కూర్చున్నదంటే క్రియ ఆ పేరు వెంట నడవాల్సిందే. “నువ్వు బాగా రాశావు” అని మా పంతులు గారు నాతో అన్నారు అంటే, విన్నది నేనే కాబట్టి ‘నువ్వు’ పోయి ‘నేను’ వస్తుంది, క్రియ కూడా దాని వెంట వెళుతుంది. నేను బాగా రాశానని మా పంతులు గారు నాతో అన్నారు.

ప్రశ్నల విషయంలో మన నుడికారం కొంచెం సడలింపు ఇస్తుంది. “నువ్వు ఎప్పుడు వస్తావు?” అని రవి గోపిని అడిగాడు. దీన్ని ‘ఎప్పుడు వస్తావని రవి గోపిని అడిగాడు’ అని ‘నువ్వు’ను వదిలేసి రాస్తే అందంగా ఉంటుంది, ప్రశ్నార్థకం గుర్తు కూడా పోతుంది. ‘అతను ఎప్పుడు వస్తాడని రవి గోపిని అడిగాడు’ అని రాస్తే వ్యాకరణం తప్పదు గాని, రవి మూడో మనిషి గురించి అడిగాడేమోనన్న అనుమానం మిగిలిపోతుంది.

కాలం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇంగ్లీషు పీరియడులో పరోక్ష కథనం నేర్చుకునేటప్పుడు వర్తమానం భూతకాలం అవుతుందని, భూతకాలం ఇంకా వెనక్కి వెళుతుందని మీకు చెబుతారు. అది ఆ భాష నియమం. మనకు ఆ నియమం లేదు. “నేను చదువుతున్నాను” అని నిన్న చెప్పినా, నిరుడు చెప్పినా ‘తాను చదువుతున్నానని’ అనే రాయాలి. ‘చదివానని’ అని రాస్తే చదువుతున్నవాడి చదువు పూర్తి చేసినవారవుతారు. ‘రేపు’ను ‘మరునాడు’గా మార్చాలా అని కొందరు అడుగుతారు. చెప్పిన రోజు దాటిపోయిందని వాక్యంలో తెలిస్తే మార్చాలి, తెలియకపోతే ‘రేపు’ అనే ఉంచవచ్చు, ఇది నా అభిప్రాయం. ‘ఇక్కడ’, ‘అక్కడ’ల విషయమూ అంతే.

ఇక ఆజ్ఞార్థకం. “ఇంటికి వెళ్ళు” అని తాత మనవడితో అన్నాడు. ‘ఇంటికి వెళ్ళమని తాత మనవడితో అన్నాడు’ అవుతుంది. ‘వెళ్ళు’ నుంచి ‘వెళ్ళమని’ ఎలా వచ్చింది? దీనికి నేనొక ఉపాయం చెబుతాను, గుర్తు పెట్టుకోండి, కర్మణి వాక్యం దగ్గర ఇదే ఉపాయం మళ్ళీ పనికి వస్తుంది. ఏ క్రియనైనా తీసుకొని ‘లేదు’ చేర్చండి. వెళ్ళలేదు, ఇవ్వలేదు, చేయలేదు, తెరవలేదు. ఇప్పుడు ‘లేదు’ను తీసివేయండి. వెళ్ళ, ఇవ్వ, చేయ, తెరవ అనేవి మిగులుతాయి. వాటికి ‘మని’ చేర్చండి. వెళ్ళమని, ఇవ్వమని, చేయమని, తెరవమని. అన్నీ సరిపోయాయి కదా? ‘రా’, ‘పో’, ‘తే’ అనే మూడు చిన్న క్రియలు మాత్రం కాస్త దారి తప్పి ‘రమ్మని’, ‘పొమ్మని’, ‘తెమ్మని’ అవుతాయి. వద్దన్న మాటకైతే ‘వెళ్ళవద్దని’ అంటే చాలు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. కర్తరి వాక్యం, కర్మణి వాక్యం. పరోక్ష కథనంలో క్రియ చివరి అక్షరం, మాట అన్నవాడే పని చేసేవాడైనప్పుడు, కదలకుండా ఉండిపోయింది. కర్మణి వాక్యంలో అదే అక్షరం తన యజమానినే మార్చుకుంటుంది.

మన జిల్లా వాక్యమే తీసుకుందాం. రైతులు బత్తాయిలను అమ్మారు. ఇందులో ‘అమ్మారు’ చివరి ‘రు’ ఎవరిది? రైతులది. ఇప్పుడు మార్చండి. రైతుల చేత బత్తాయిలు అమ్మబడ్డాయి. ‘అమ్మబడ్డాయి’ చివరి ‘యి’ ఎవరిది? బత్తాయిలది. మొత్తం మార్పు ఇంతే. కర్త పక్కన ‘చేత’ వచ్చింది. కర్మ పక్కన ఉన్న ‘ను’ పోయి అది ప్రథమా విభక్తిలోకి వచ్చింది. క్రియకు ‘బడు’ చేరింది. క్రియ చివరి అక్షరం కర్తను వదిలి కర్మ వెంట వెళ్ళింది. మొదటి మూడు పనులు అందరూ చేస్తారు, నాలుగోది మరిచిపోయి ‘రైతుల చేత బత్తాయిలు అమ్మబడ్డారు’ అని రాస్తారు. చదివి చూసుకుంటే నవ్వు వస్తుంది, కానీ పరీక్ష గదిలో చదివి చూసుకునేవారు తక్కువ. ‘బడు’ను ఎలా నడపాలో తెలియకపోతే ‘పడు’ అనే క్రియను తలచుకోండి. పండు పడింది, పండ్లు పడ్డాయి, పిల్లవాడు పడ్డాడు, పిల్లలు పడ్డారు. అదే వరుసలో అమ్మబడింది, అమ్మబడ్డాయి, సన్మానించబడ్డాడు, సన్మానించబడ్డారు.

‘బడు’ను దేనికి చేర్చాలి? ఇక్కడ ఇందాకటి ఉపాయం వాడండి. అధికారులు సాగర్ 26 గేట్లను తెరిచారు. తెరిచారు అని ఉన్నది కాబట్టి ‘తెరిచబడ్డాయి’ అని రాసేవారు ఉన్నారు. ‘లేదు’ చేర్చి చూడండి. తెరవలేదు. ‘లేదు’ తీస్తే తెరవ. అధికారుల చేత సాగర్ 26 గేట్లు తెరవబడ్డాయి. ‘ఇచ్చారు’కు ఇవ్వలేదు, ఇవ్వబడింది. ‘రాశాడు’కు రాయలేదు, రాయబడింది. ‘ఇచ్చబడింది’, ‘రాశబడింది’ అనే రూపాలు తెలుగులో లేవు.

తరువాతి వాక్యంలో ఒక మెలిక ఉన్నది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇందులో కర్మ ఏది? ‘ను’, ‘ని’ ఎక్కడా లేవు కాబట్టి కర్మ లేదని కొందరు అంటారు. ఆనకట్టే కర్మ అని మరికొందరు అంటారు. క్రియను అడగండి. దేన్ని చేశారు? శంకుస్థాపనను చేశారు. ప్రాణం లేని వస్తువుల పక్కన ‘ను’ తరచుగా రాలిపోతుంది, అంతమాత్రాన అది కర్మ కాకుండా పోదు. కాబట్టి, నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ చేత శంకుస్థాపన చేయబడింది. ‘ఆనకట్టకు’లోని ‘కు’ను తాకకూడదు. ‘ఆనకట్ట శంకుస్థాపన చేయబడింది’ అని రాస్తే వాక్యం కుంటుతుంది. కర్తరి వాక్యంలో గౌరవంతో రాసిన ‘చేశారు’ పోయి ‘చేయబడింది’ వచ్చిందని, నెహ్రూ గారికి అగౌరవం జరిగిందని ఎవరూ బాధపడనవసరం లేదు. ఆ ‘ది’ శంకుస్థాపనది.

ఇంకో మెలిక ఉన్నది, ఇది బాగా చదివేవారిని కూడా పడగొడుతుంది. మన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్ని తీసుకుందాం. కందూరు చోళులు ఛాయా సోమేశ్వరాలయాన్ని కట్టించారు. కర్మణిలోకి మార్చమంటే ‘కందూరు చోళుల చేత ఛాయా సోమేశ్వరాలయం కట్టబడింది’ అని రాస్తారు. ఏం పోయింది? ‘ఇంచు’ పోయింది. కట్టడం వేరు, కట్టించడం వేరు. రాజులు రాళ్ళు మోయలేదు, శిల్పుల చేత, కూలీల చేత మోయించారు. ‘లేదు’ ఉపాయం ఇక్కడా కాపాడుతుంది. కట్టించలేదు, కట్టించ, కట్టించబడింది. కందూరు చోళుల చేత ఛాయా సోమేశ్వరాలయం కట్టించబడింది. పాత పుస్తకాలలో ‘కట్టింపబడినది’ అని కనబడుతుంది, అదీ సరైనదే.

నేను ఇప్పుడే ‘కూలీల చేత మోయించారు’ అన్నాను, గమనించారా? అందులో ‘చేత’ ఉన్నది. మరి అది కర్మణి వాక్యమా? కాదు. మల్లయ్య కూలీల చేత బావి తవ్వించాడు. ఇందులో ‘చేత’ను చూసి ఇది ఇప్పటికే కర్మణి వాక్యమని, దీన్ని మార్చనవసరం లేదని అనుకోవద్దు. ‘తవ్వించాడు’ చివరి ‘డు’ ఎవరిది? మల్లయ్యది. చేయించేవాడు మల్లయ్య, అతడే కర్త. చివరి అక్షరం కర్తది అయినంత కాలం అది కర్తరి వాక్యమే. దీన్ని కర్మణిలోకి మార్చాలంటే రెండు చోట్ల ‘చేత’ వచ్చి గందరగోళం కాకుండా కూలీల దగ్గర ‘తో’ వాడుకోవచ్చు. మల్లయ్య చేత కూలీలతో బావి తవ్వించబడింది. అందుకే చెబుతున్నాను, వాక్యం ఏ రకానిదో ‘చేత’ను చూసి నిర్ణయించకండి, క్రియ చివరి అక్షరాన్ని చూసి నిర్ణయించండి.

కర్మ లేని క్రియలకు ఈ మార్పు జరగదు. ‘పిల్లవాడు నిద్రపోయాడు’ అనే వాక్యంలో దేన్ని నిద్రపోయాడు అని అడగలేం, కాబట్టి అది అకర్మక క్రియ, దాన్ని వదిలేయాలి. ఇంకొక మాట, ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులు కోపగించుకోకపోతే చెబుతాను. కర్మణి వాక్యం మన నిత్య వ్యవహారంలోది కాదు. ‘అమ్మ చేత అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. దారి మూసివేయబడినది, దరఖాస్తులు స్వీకరించబడును అని నోటీసు బోర్డుల మీద, కార్యాలయాల ఉత్తరాలలో కనబడుతుంది, అక్కడ చేసినవారి పేరు చెప్పనవసరం లేదు కాబట్టి అది ఒదిగిపోతుంది. ప్రశ్నపత్రం అడిగినప్పుడు తప్పు లేకుండా మార్చండి, వ్యాసం రాసేటప్పుడు మాత్రం ప్రతి వాక్యానికీ ‘బడు’ తగిలించకండి.

చివరగా, రెండు మార్పులూ ఒకే వాక్యంలో చేసి చూపిస్తాను. ఇది పరీక్షలో రాదు, కానీ దీన్ని చేయగలిగినవారికి పరీక్షలో వచ్చేవి సులువుగా ఉంటాయి. పలక మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి. “నేను మీ అన్నను దేవరకొండ బస్టాండులో చూశాను” అని యాదగిరి లక్ష్మితో అన్నాడు.

మొదట పరోక్ష కథనంలోకి. ‘నేను’ అన్నది యాదగిరి, కాబట్టి ‘తాను’. ‘మీ అన్న’ అంటే లక్ష్మి అన్న. చూసినవాడు, మాట అన్నవాడు ఒక్కరే, కాబట్టి క్రియ మారదు. తాను లక్ష్మి అన్నను దేవరకొండ బస్టాండులో చూశానని యాదగిరి ఆమెతో అన్నాడు. ‘చూశానని’లోని ‘న’ యాదగిరిది.

ఇప్పుడు లోపలి వాక్యాన్ని కర్మణి చేద్దాం. ‘తాను’ పక్కన ‘చేత’ రావాలి, అది ‘తన చేత’ అవుతుంది. ‘అన్నను’లోని ‘ను’ పోతుంది. చూడలేదు, చూడ, చూడబడు. మరి చివరి అక్షరం? చూడబడ్డవాడు ఎవరు? లక్ష్మి అన్న. కాబట్టి ‘న’ పోయి ‘డ’ రావాలి. లక్ష్మి అన్న తన చేత దేవరకొండ బస్టాండులో చూడబడ్డాడని యాదగిరి ఆమెతో అన్నాడు. ‘చూశానని’, ‘చూడబడ్డాడని’ అనే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మాట అన్నది రెండు చోట్లా యాదగిరియే, చూసింది కూడా అతడే, అయినా మొదటి క్రియ అతని అక్షరాన్ని పట్టుకొని ఉన్నది, రెండోది లక్ష్మి అన్న అక్షరాన్ని పట్టుకున్నది.

దేవరకొండ వాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రెండో వాక్యాన్ని ఇంట్లో చెప్పి చూడకండి, మీకేమైందని అడుగుతారు. ఇప్పుడు ఇందులో లక్ష్మి అన్న బదులు లక్ష్మి అక్కను పెట్టి, ‘డ’ స్థానంలో ఏం వస్తుందో మీరే రాయండి. నేను బల్లల మధ్య తిరిగి చూస్తాను.